కావలెను: సైతాను వకీలు

మన దేవుడు చేస్తే మహిమ. పక్కింటి దేవుడు చేస్తే మూఢనమ్మకం. మన బాబాది లీల, పక్కూరి బాబాది కనికట్టు. ఇంత సులువైన పరీక్ష చేతిలో ఉండగా వేరే పరీక్షలు ఎవరికి కావాలండీ?

ఒకప్పుడు కావలసి వచ్చాయి. నవ్వకండి. అద్భుతం జరిగిందంటూ ఎవరైనా రొప్పుతూ వస్తే, ‘ముందు కూర్చో, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఇందులో నీకేం గిట్టుబాటు’ అని నిలదీసే మనుషులు మతాల లోపలే ఉండేవారు. వాళ్ళు నాస్తికులు కారు. హేతువాద సంఘం సభ్యులూ కారు. పోపులు, భిక్షువులు, ఉలేమాలు, యోగులు. దేవుడి మీద అనుమానంతో కాదు, భక్తుడి మీద అనుమానంతో అడిగేవారు. దేవుడి పేరుతో భక్తులు ఎంతకైనా తెగిస్తారని వాళ్ళకు బాగా తెలుసు మరి.

బౌద్ధుల వినయ పిటకంలో ఒక కథ ఉంది. రాజగృహంలో ఒక శ్రేష్ఠి గంధపు చెక్కతో భిక్షాపాత్ర చేయించి, వెదురు గడకు గడ కట్టించి, ఆ కొసన పెట్టించాడు. మహిమ ఉన్నవాడు ఎగిరి తీసుకోవచ్చన్నాడు. పిండోల భారద్వాజుడనే భిక్షువు ఎగిరాడు. పాత్ర అందుకున్నాడు. ఊరి చుట్టూ ఆకాశంలో మూడు చుట్లు తిరిగి మరీ దిగాడు. జనం వెర్రెత్తిపోయారు. ఆ కేకలు బుద్ధుడి చెవిన పడ్డాయి.

ఇవాళైతే ఏం జరిగేది? మధ్యాహ్నానికి లైవు. రాత్రికి చర్చ. తెల్లారేసరికి ట్రస్టు. వారం తిరిగేసరికి ప్రత్యేక దర్శనం టికెట్టు. బుద్ధుడేం చేశాడు? శిష్యుణ్ణి పిలిచి నలుగురిలో దులిపేశాడు. చిల్లర డబ్బుల కోసం ఒళ్ళు చూపించుకునే పనికీ, ముష్టి చెక్క గిన్నె కోసం నువ్వు చేసిన పనికీ తేడా ఏమిటన్నాడు. పాత్రను ముక్కలు చేయించాడు. ఆ గంధాన్ని కళ్ళకు పెట్టుకునే లేపనంలో కలుపుకోమని భిక్షువులకు పంచేశాడు. గృహస్థుల ఎదుట మహిమలు ప్రదర్శించడం దోషమని నియమం పెట్టాడు. ‘నువ్వు ఎగరలేదు, అబద్ధం’ అని మాత్రం ఆయన అనలేదు. ఎగిరావు సరే, అయితే ఏంటి? మహిమను నమ్మే మతం మహిమను కొలిచిన తీరు అది.

ఇస్లాం పండితులు దీన్ని ఇంకా పకడ్బందీగా కట్టారు. ప్రవక్తల చేతుల మీదుగా జరిగేది ముఅజిజా. పుణ్యపురుషుల ద్వారా జరిగేది కరామత్. మూడోది ఉంది చూశారూ, అదీ అసలు దెబ్బ. దాని పేరు ఇస్తిద్రాజ్. దుర్మార్గుడి చేత కూడా దేవుడు ఒక్కోసారి వింతలు చేయనిస్తాడట. ఎందుకు? వాడు ఇంకా పొంగిపోయి, ఇంకా లోతుకు దిగబడడానికి. అంటే జరిగిన వింతను చూసి మనిషిని నమ్మడానికి వీల్లేదు, మనిషి నడవడిక చూసి వింతను తూచాలి. నీళ్ళ మీద నడిచి చూపించినా సరే, వాడి బతుకు ధర్మశాస్త్రానికి నిలుస్తుందో లేదో చూడకుండా మోసపోవద్దన్నారు పాతకాలపు పెద్దలు. మరి తాయెత్తు కట్టి, నిమ్మకాయ చేతికిచ్చి, అయిదు వేలు నొక్కేసే పెద్దమనిషి ఈ మూడింట్లో దేనికిందికి వస్తాడో గడప బయట వరసలో కూర్చున్నవాళ్ళు ఎప్పుడైనా అడిగారా?

మనవాళ్ళేం తక్కువ తిన్నారా? పతంజలి తన యోగసూత్రాల్లో మూడో పాదంలో చాలా భాగం సిద్ధులకే కేటాయించాడు. గాలిలో తేలడం, మాయమవడం, గతజన్మలు తెలుసుకోవడం, అన్నీ వరసబెట్టాడు. ఆ పాదం మధ్యలోనే, ఇవన్నీ సమాధికి అడ్డంకులని చప్పుడు లేకుండా మేకు దిగ్గొట్టాడు. రామకృష్ణ పరమహంస చెప్పే కథ ఇంకా ఘాటు. పద్నాలుగేళ్ళు తపస్సు చేసి నీళ్ళ మీద నడవడం నేర్చుకొచ్చిన వాడికి దక్కిన లాభమెంత? పడవవాడికి ఇచ్చే పైస మిగిలింది, అంతే. ఆ పరమహంస ఫోటో పెట్టుకున్న హాల్లోనే, గాల్లోంచి ఉంగరం తీసిన స్వామికి పాదపూజ జరుగుతుంది. ఫోటోకి దండ వేస్తారు. కథకి తాళం వేస్తారు.

ఇక ఈ తనిఖీని అచ్చంగా ఒక ఆఫీసులా నడిపింది కాథలిక్ చర్చి. కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే కట్టిన చేతులే కూల్చిన ముచ్చట ఇందులో ఉంది.

1587లో పోపు అయిదో సిక్స్‌టస్ ఒక పదవి సృష్టించాడు. రికార్డుల్లో దాని పేరు విశ్వాస ప్రోత్సాహకుడు. జనం నోట మాత్రం సైతాను వకీలు. ఎవరినైనా పునీతులుగా ప్రకటించాలని ప్రతిపాదన వస్తే, ఈయన పని అడ్డం పడడం. అర్జీలో ప్రతి వాక్యాన్నీ అనుమానించడం. ఆ అద్భుతం అద్భుతం కాదేమో, ఆ సాక్షి బంధువేమో, ఆ పుణ్యాత్ముడు కోపిష్ఠేమో, డబ్బు మనిషేమో అని కెలకడం. జీతం ఇచ్చేది చర్చే. తిట్టించుకునేదీ చర్చే. ఎంత దర్జా ఉండాలండీ ఒక మతానికి, తన మీద తనే వకీల్ని పెట్టుకోవడానికి!

ఆ పదవిలో ఇరవై ఏళ్ళు పనిచేసిన ప్రాస్పెరో లాంబెర్టిని తన అనుభవమంతా 1730లలో పెద్ద గ్రంథంగా రాశాడు. 1740లో ఆయనే పోపు పద్నాలుగో బెనెడిక్ట్ అయ్యాడు. జబ్బు నయం కావడాన్ని అద్భుతమని ఎప్పుడు ఒప్పుకోవాలో ఆ పుస్తకంలో ఉంది. ఇప్పటికీ చలామణీలో ఉన్న కొలతలు అవే. మనింటి భాషలో చెప్పుకుందాం. మీ మామయ్యకు జబ్బు చేసింది. ముందు అది తీవ్రమైన జబ్బై ఉండాలి, నయం కావడం అసాధ్యమో మహా కష్టమో అయ్యుండాలి. పడిశం పనికిరాదు. జబ్బు దానంతటదే తగ్గుముఖం పట్టే దశలో ఉండకూడదు. మందులు వాడి ఉండకూడదు, వాడితే అవి పని చేయలేదని తేలాలి. నయం కావడం ఉన్నట్టుండి జరగాలి, నెమ్మదిగా కోలుకుంటే లెక్కలోకి రాదు. పూర్తిగా నయం కావాలి. మళ్ళీ తిరగబెట్టకూడదు. స్వస్థత సభలో కర్ర పారేసి రెండడుగులు వేసి, ఇంటికెళ్ళగానే మంచం పట్టిన మామయ్య ఈ గడప దగ్గరే ఆగిపోతాడు.

ఫ్రాన్సులో లూర్దు అనే ఊరుంది. 1858లో మరియమాత కనిపించిందని భక్తులు నమ్మే చోటు. అక్కడ 1883 నుంచీ వైద్యుల కార్యాలయం నడుస్తోంది. ‘నాకు నయమైంది’ అని వచ్చినవాళ్ళ పాత రిపోర్టులు, కొత్త రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ సమయానికి ఊళ్ళో ఉన్న ఏ డాక్టరైనా, ఏ మతం వాడైనా, ఏ మతమూ లేనివాడైనా ఆ పరిశీలనలో కూర్చోవచ్చు. ఏడు వేలకు పైగా అర్జీలు నమోదయ్యాయి. ఇన్నేళ్ళలో అద్భుతాలని ఒప్పుకున్నవి ఎన్ని? డెబ్బై దాటి ఒకటి రెండు. 2008లో నయమైన ఒక సన్యాసిని వ్యవహారం తేలడానికి 2018 వచ్చింది. పదేళ్ళు! మన దగ్గర పది నిమిషాల్లో మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పిస్తారు. పదకొండో నిమిషంలో హుండీ తిరుగుతుంది.

అయినా ఆ లూర్దు లెక్కలో ఒక చిల్లు ఉంది, అది దాచకూడదు. డాక్టర్లు చెప్పేది ఒకటే మాట: ఇప్పటికున్న వైద్య జ్ఞానంతో దీన్ని వివరించలేం. దాన్ని అద్భుతమని ప్రకటించేది బిషప్పు. ‘మాకు తెలియదు’ అన్న మాటకూ ‘దేవుడే చేశాడు’ అన్న మాటకూ మధ్య ఒక పెద్ద అగాధం ఉంది. దాన్ని దాటేది వైద్యం కాదు, విశ్వాసం. అక్కడ గుహ దగ్గర వేలాడుతున్న ఊతకర్రలు చూసి, కర్రకాళ్ళేవీ అని రచయిత అనతోల్ ఫ్రాన్స్ అడిగాడట. తెగిన కాలు మొలిచిన దాఖలా ఆ అర్జీల్లో లేదు మరి.

సరే, ఇంత పకడ్బందీ ఆఫీసుకు ఏమైంది? 1983లో పోపు రెండో జాన్ పాల్ నియమాలు మార్చాడు. సైతాను వకీలుకు ఉన్న పళ్ళు పీకేశారు. పదవి పేరు మిగిలింది, అడ్డుపడే పని పోయింది. కావలసిన అద్భుతాల సంఖ్యా తగ్గింది. ఫలితం? ఆయన ఒక్కడి హయాంలో 482 మంది పునీతులు. అంతకుముందు నాలుగు వందల ఏళ్ళలో పోపులందరూ కలిపి ప్రకటించినవాళ్ళకన్నా ఎక్కువ. వకీలు గది ఖాళీ చేయగానే దేవుడికి హఠాత్తుగా చేతినిండా పని దొరికిందన్నమాట. చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌ను దింపేసిన బస్సులో టికెట్టు లేనివాడంటూ ఒక్కడూ దొరకడు. ఆశ్చర్యమా?

మదర్ థెరిసా సంగతి చూడండి. ఆమె సేవ గురించి కాదు ఇక్కడ గొడవ, ఆమె పేరున రాసిన అద్భుతం గురించి. ఆమె 1997 సెప్టెంబరు 5న కన్నుమూశారు. సరిగ్గా ఏడాదికి, 1998 సెప్టెంబరు 5న, పశ్చిమ బెంగాల్‌లో ఒక గిరిజన మహిళ కడుపు మీద ఆమె పతకం పెట్టి సన్యాసినులు ప్రార్థించారు. రాత్రికి రాత్రి కడుపులో గడ్డ మాయమైందన్నారు. బాలూర్‌ఘాట్ ప్రభుత్వాసుపత్రి డాక్టర్లు ఏమన్నారు? అది క్యాన్సర్ గడ్డ కాదు, క్షయ వల్ల వచ్చిన తిత్తి, నెలల తరబడి మేం మందులిచ్చాం, మందులకే తగ్గింది అన్నారు. ఇప్పుడు లాంబెర్టిని పుస్తకం తెరవండి. మందులు వాడారా? వాడారు. పని చేశాయా? చేశాయనే డాక్టర్లు అంటున్నారు. అక్కడితో ఫైలు మూసేయాలి కదా? రోములో వైద్య మండలి మాత్రం వివరించలేమంది. 2003లో ధన్యత ప్రకటించారు. బ్రెజిల్‌లో ఇంకో స్వస్థత దొరికాక 2016లో పునీతురాలిని చేశారు.

పరిశీలన జరిగినప్పుడు ఆమె మీద ఘాటుగా పుస్తకం రాసిన క్రిస్టఫర్ హిచెన్స్‌ను పిలిచి సాక్ష్యం తీసుకున్నారు. సైతాను తరఫున ఫీజు పుచ్చుకోకుండా వాదించి వచ్చానని ఆయన తర్వాత హాస్యమాడాడు. నిజానికి అందులో హాస్యం లేదు. ఒకప్పుడు చర్చి జీతమిచ్చి చేయించిన పనిని చివరికి ఒక నాస్తికుడు ఊరికే చేసి పెట్టాడు.

ఈ సినిమాకు రెండో భాగం మన ముంబైలో ఆడింది. 2012 మార్చి. విలేపార్లే దగ్గర ఒక వేళాంగణి మాత చర్చి. ఆవరణలో శిలువ. దాని మీది క్రీస్తు పాదాల నుంచి బొట్టు బొట్టుగా నీరు. జనం సీసాలు పట్టారు. నెత్తిన చల్లుకున్నారు. తాగారు. ఒక టీవీ చానెల్ వాళ్ళు హేతువాది సనల్ ఇడమరుకును పిలిచారు. ఆయన శిలువను పూజించలేదు, దూషించలేదు. వెనక్కెళ్ళి చూశాడు. అంతే! నేరమంతా అక్కడే జరిగిపోయింది. ఈ దేశంలో దేవుడి ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, దేవుడి వెనక్కి మాత్రం వెళ్ళకూడదు.

వెనక ఏముంది? ఆయన చెప్పినదాని ప్రకారం, దగ్గర్లో మరుగుదొడ్డి, దాని కాలువ పూడుకుపోయి నీరు నిలిచింది. ఇటుకలోనూ గచ్చులోనూ కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల గోడలు నీటిని పట్టి పైకి లాగుతాయి. నీరు నేల నుంచి గోడలోకి, గోడ నుంచి శిలువ బిగించిన మేకుల దారిలోకి పాకి, పాదాల దగ్గర బొట్టు కట్టింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకున్న ప్రతివాడికీ ఈ శాస్త్రం కంఠతా వచ్చు. వర్షాకాలంలో గోడకు చెమ్మ ఎక్కి, సున్నం పొక్కులు లేచి రాలినప్పుడు మనం కొబ్బరికాయ కొడతామా, ఓనరుకు ఫోన్ చేస్తామా?

ఫలితం ఏమిటి? కాలువ బాగు చేయించమని మునిసిపాలిటీకి కాగితం వెళ్ళలేదు. ఇడమరుకు మీద పోలీసు స్టేషన్లలో ఫిర్యాదులు వెళ్ళాయి. మత మనోభావాలు గాయపరిచాడని 295-ఎ సెక్షన్. అరెస్టు తప్పదనుకున్నాక ఆయన అదే ఏడాది ఫిన్లాండ్ వెళ్ళిపోయాడు. చర్చి పెద్దలు ఆ నీటిని అద్భుతమని ఎన్నడూ ప్రకటించలేదు. అంటే చర్చే అద్భుతం అనని దాన్ని, అద్భుతం కాదని అన్నందుకు కేసు! లాంబెర్టిని ఆ వీధిలో నిలబడి ఉంటే ఆయన్నీ ఎఫ్‌ఐఆర్‌లో రెండో ముద్దాయిగా చేర్చేవారు. ఎంత పోపైతే మాత్రం, వెనక్కెళ్ళి చూసే రకమే కదా.

వాటికన్‌కు ఇప్పుడిప్పుడే మెలకువ వస్తున్నట్టుంది. దర్శనాలు, కన్నీరు కార్చే విగ్రహాలు వంటి వాటి మీద 2024 మేలో కొత్త నియమాలు ఇచ్చింది. ఇకమీదట బిషప్పు పరిశీలించాక చెప్పగల అత్యంత పెద్ద మాట ‘భక్తులు వెళ్ళడానికి అడ్డంకి లేదు’ అన్నంత వరకే. ఇది దైవకార్యమే అని మామూలుగా ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. డబ్బు కోసమో అధికారం కోసమో నడుస్తోందా అన్నది కూడా చూడమన్నారు. నాలుగు శతాబ్దాల అనుభవం ఉన్న దుకాణమే బోర్డు మార్చుకుంటోంది. మన దుకాణాలకు బోర్డులు పెరుగుతున్నాయి.

ఇక ఇంటికొద్దాం. 1995 సెప్టెంబరు 21. గుర్తుందా? మీరూ చెంచా పట్టుకుని నిలబడే ఉంటారు, దాచకండి. తెల్లవారకముందు ఢిల్లీలో ఒక గుళ్ళో వినాయకుడు పాలు తాగాడన్నారు. మధ్యాహ్నానికి దేశమంతా తాగించింది. లండన్‌లో మనవాళ్ళూ తాగించారు. ఆఫీసులు ఖాళీ. పాల ప్యాకెట్లకు కొట్లాట. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వాళ్ళు గుడికి వెళ్ళి చేసిన పని ఒక్కటే: పాలలో రంగు కలిపారు. రంగు పాలు తొండం దాకా వెళ్ళి, అక్కడి నుంచి విగ్రహం ఒంటి మీదుగా కిందికి జారడం కంటికి కనిపించింది. చెంచా నిండుగా ఉంటే పాలు అంచు మీద ఉబ్బి నిలుస్తాయి. దాన్ని తడి రాతికి ఆనిస్తే ఆ ఉబ్బు రాతిని అంటుకుని పలచటి పొరగా కిందికి దిగిపోతుంది. తెల్ల పాలరాతి మీద తెల్ల పాల పొర ఎవడికి కనపడుతుంది? నమ్మకపోతే ఇంట్లో ఏ బొమ్మతోనైనా చేసి చూడండి. మీ పిల్లాడి ప్లాస్టిక్ ఏనుగు కూడా తాగుతుంది. దానికి గుడి కడతారా?

అయినా ఆ రోజు మనం దేవుణ్ణి నమ్మలేదు. ఫోన్‌లో వచ్చిన కబురును నమ్మాం. మహిమకూ మూఢనమ్మకానికీ మతాలు గీసుకున్న లోపలి గీత ఇక్కడే ఉంది. మహిమ అనేది ఒక సూచన, తన వంక కాదు, తన వెనకున్న దేన్నో చూడమంటుంది. మూఢనమ్మకం అనేది బేరం. ఇది చెయ్యి, అది పట్టుకుపో. శక్తి దేవుడిలో లేదు, వస్తువులో ఉంది, లెక్కలో ఉంది, వారంలో ఉంది అనుకోవడం. ఈ గీతతో మన రోజువారీ భక్తిని కొలిచి చూడండి, గుండె చిక్కబట్టుకుని. చిలుకూరు బాలాజీ గుళ్ళో కోరిక చెప్పేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. అమెరికా ఉద్యోగ వీసాలకు ఎంపిక చేసేది అక్కడి కంప్యూటర్ లాటరీ. ఇక్కడ తిరిగే లక్షల మందిలో ఎవరికి రావాలో బాలాజీ ఆ కంప్యూటర్‌లో సర్దుతాడా? సర్దితే, తిరిగీ రానివాడు చేసిన పాపమేమిటి? ప్రార్థన చేసిన నూనె సీసాకు ఒక రేటు, పెద్ద సీసాకు ఇంకో రేటు ఎందుకు? పెద్ద సీసాలో దేవుడు ఎక్కువ పడతాడా?

విభూతి సంగతి ఎత్తకపోతే మనం తెలుగువాళ్ళమే కాదు. హేతువాది బి. ప్రేమానంద్ ఊరూరా తిరిగి చూపించింది ఇదే. విభూతిని గంజి నీళ్ళతో తడిపి ఉండ చేస్తారు. ఆరబెడతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మొదట్లో ఇరికిస్తారు. చెయ్యి బోర్లించి గాలిలో గుండ్రంగా తిప్పుతూ ఉండను వేళ్ళ కొసలకు జార్చి నలుపుతారు. పొడి రాలుతుంది. కొంచెం సాధన చేస్తే మీకూ వస్తుంది. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ హెచ్. నరసింహయ్య మహిమల పరిశీలనకు ఒక కమిటీ వేసి, మా ముందు చేసి చూపించండి అని పుట్టపర్తికి ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. గాల్లోంచి ఉంగరాలు తీయడం తేలికే, పోస్టు కవరులోంచి జవాబు తీయడం కష్టం.

ప్రేమానంద్ 1986లో ఇంకో తమాషా చేశారు. బంగారు నియంత్రణ చట్టం ఉన్న రోజులవి. అనుమతి లేకుండా బంగారు వస్తువులు తయారు చేస్తున్నారంటూ సత్యసాయి బాబా మీద కోర్టుకెక్కారు. ఎంత అందమైన ఇరకాటమో చూడండి. గాల్లోంచి వచ్చిందంటే చట్టం అడుగుతుంది. రాలేదంటే భక్తులు అడుగుతారు. కోర్టు కేసు కొట్టేసింది. దైవశక్తి అనేది చట్టంలో ఉన్న మినహాయింపు కాదు కదా అంటూ ఆయన అప్పీలుకు వెళ్ళారు. మంత్రులు, జడ్జీలు, శాస్త్రవేత్తలు మాత్రం పుట్టపర్తికి వెళ్ళారు. నరసింహయ్య కమిటీ వేసిన అదే 1976లో శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి బాధ్యతని రాజ్యాంగంలో రాసుకున్నవాళ్ళం మనమే. రాయడం ఢిల్లీలో, మొక్కడం పుట్టపర్తిలో.

ప్రభుత్వాల గురించి చెప్పుకోవాలంటే మృగశిర కార్తె రావాలి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం. ఆస్తమా రోగుల వరసలు. బతికున్న చిన్న చేప నోట్లో మందు ముద్ద పెట్టి గొంతులోకి తోస్తారు. బారికేడ్లు ప్రభుత్వానివి, చేపలు మత్స్యశాఖవి, పోలీసులు మనందరి పన్నులవి. ఒకప్పుడు చేప మందు. గొడవలయ్యాక చేప ప్రసాదం. మందంటే దినుసులేమిటో చెప్పాలి, పరీక్షలకు నిలబడాలి. ప్రసాదమంటే కళ్ళకద్దుకోవాలి, అంతే. అదే ఊళ్ళో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి నడిపేదీ ఆ సర్కారే. ఏది చికిత్సో ఏది నమ్మకమో ఒక్క బోర్డు రాసి పెట్టే ధైర్యం ఇన్ని ప్రభుత్వాల్లో ఒక్కదానికైనా కలిగిందా? రాస్తే ఓట్లకు ఆయాసం వస్తుంది.

చట్టాలు లేక కాదు. తాయెత్తులు, కవచాలు, మంత్రాలతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. పొద్దున్నే టీవీ పెట్టి చూడండి. చట్టం ప్రకారం సగం చానెళ్ళ స్లాట్లు చర్లపల్లి నుంచి ప్రసారం కావాలి.

మహారాష్ట్ర మాత్రం 2013లో విడిగా ఒక చట్టం చేసింది. అందులో గీత ఎక్కడ గీశారో చూడండి, ముచ్చటేస్తుంది. మహిమల పేరుతో మోసం చేసి డబ్బు గుంజితే నేరం. పాముకాటు, కుక్కకాటు, తేలుకాటు తగిలినవాణ్ణి ఆసుపత్రికి పోనివ్వకుండా మంత్రం వేస్తే నేరం. హరికథ, భజన, తీర్థయాత్ర నేరం కాదు. గతించిన సాధువుల మహిమలు చెప్పుకోవడమూ నేరం కాదు. చచ్చిపోయినవాడి మహిమ వల్ల ఎవరి జేబూ ఖాళీ కాదు, బతికున్నవాడి మహిమతోనే చిక్కంతా అని ఆ చట్టం రాసినవాళ్ళకు తెలుసు. పతంజలి, బుద్ధుడు, లాంబెర్టిని ముగ్గురూ దాని మీద సంతకం పెట్టేవారు.

మన పార్టీలు పెడతాయా? వేమన పద్యాలు పిల్లలకు బట్టీ వేయిస్తాం, ఆటవెలదికి మార్కులు వేస్తాం, అర్థానికి వేయం. ఆయన బొమ్మకు దండ వేసి, సాయంత్రం స్వామివారి ముహూర్తానికి నామినేషన్ కాగితాలు సర్దుకుంటాం. చేతబడి చేశారనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్త లోపలి పేజీలో సింగిల్ కాలమ్. గాల్లోంచి హారం తీసిన వార్త మొదటి పేజీలో రంగుల్లో.

ఆ మహారాష్ట్ర చట్టం కోసం ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగింది డాక్టర్ నరేంద్ర దభోల్కర్. ఏళ్ళ తరబడి ఆ ముసాయిదాను పక్కన పడేశారు. మతానికి వ్యతిరేకమన్నారు. 2013 ఆగస్టు 20 ఉదయం పుణెలో నడకకు వెళ్ళిన ఆయన్ని కాల్చి చంపారు. మర్నాడే మంత్రివర్గం ఆర్డినెన్స్‌కు ఆమోదం తెలిపింది. హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ మంత్రివర్గాలు ఎవరి వార్త కోసం ఆగినట్టు?